జ్వరంతో ఫిట్స్: ఒక తల్లి భయాలు, అపోహలు - వాస్తవాలు

రాత్రి రెండు కావస్తోంది. ఒకావిడ క్యాజువాలిటీ తలుపు తోసుకుంటూ పరుగున వచ్చింది. భుజం మీద ఏడాదిన్నర బాబు, తల వాల్చేసి ఉన్నాడు. "పోయాడు మేడం, నా బిడ్డ పోయాడు" అంటోంది.

పిల్లల వార్డులో నైట్ డ్యూటీ చేసేవాళ్లకి ఈ మాట కొత్త కాదు. జ్వరంతో వచ్చే ఫిట్స్‌ని మొదటిసారి చూసిన తల్లిదండ్రుల్లో చాలామంది బిడ్డ ప్రాణం పోతోందనే అనుకుంటారు. కళ్లు తేలేస్తాడు, ఒళ్లు బిగుసుకుపోతుంది, కాళ్లూ చేతులూ కొట్టుకుంటాయి, పెదాలు నీలంగా మారతాయి. పిలిస్తే పలకడు. కన్నతల్లికి ఇంకేం తోస్తుంది?

బాబుని బల్ల మీద పక్కకి తిప్పి పడుకోబెట్టాం. కొట్టుకోవడం దారిలోనే ఆగిపోయిందట. సిస్టర్ నోటి పక్క కారిన చొంగ తుడిచి, కాలి బొటనవేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. 97 ఉంది. రక్తంలో చక్కెర బాగానే ఉంది. జ్వరం 103. ఆవిడకి ఈ అంకెలేవీ చెప్పలేదు. చెప్పినా ఆ క్షణంలో చెవికెక్కవు. ఆవిడ చెయ్యి పట్టుకుని బాబు పొట్ట మీద పెట్టాను. "చూడండమ్మా, పొట్ట లేస్తోంది, దిగుతోంది. ఊపిరి బాగా తీసుకుంటున్నాడు. ఫిట్స్ ఆగిపోయాయి, ఇప్పుడు మత్తుగా పడుకున్నాడు, అంతే." నాలుగైదు ఊపిరులు లెక్కపెట్టాక ఆవిడ వణుకు కాస్త తగ్గింది.

అప్పుడు చూశాను, ఆవిడ కుడిచేతి చూపుడువేలికి చుట్టుకున్న కొంగు ఎర్రగా తడిసి ఉంది. విప్పితే గోరు కింద నాలుగు పంటిగాట్లు.

అపోహ: ఫిట్స్‌లో నాలుక మింగేస్తారు, పళ్ల మధ్య ఏదో ఒకటి పెట్టాలి.

నాలుకని ఎవరూ మింగలేరు. అది నోటి అడుగుకి అతుక్కుని ఉంటుంది. అంచు కొరుక్కుంటే కొంచెం రక్తం వస్తుంది, కొద్ది రోజుల్లో మానిపోతుంది. అసలు ప్రమాదం మనం పెట్టే వస్తువుతోనే. స్పూన్ పెడితే పాలపన్ను విరిగి గొంతులో పడొచ్చు. నీళ్లో, మందో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. బిగుసుకున్న దవడ మధ్య వేలు పెడితే ఏమవుతుందో ఆవిడ వేలే చెబుతోంది. చేయాల్సింది చాలా తక్కువ: నేల మీద ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేయాలి, మెడ దగ్గర బట్ట వదులు చేయాలి, గడియారం చూడాలి. కాళ్లూ చేతులూ అదిమి పట్టకూడదు. పక్కన ఇంకొకరుంటే ఫోన్‌లో వీడియో తీయమనండి. ఎన్ని మాటల్లో చెప్పినా రాని సంగతి అర నిమిషం వీడియో చూస్తే మాకు తెలిసిపోతుంది.

సిస్టర్ ఆవిడ వేలు కడిగి కట్టు కడుతుండగా అసలు బాధ బయటపడింది. "తొమ్మిదింటికి మందు వేశాను మేడం. మళ్లీ ఒంటిగంటకి లేచి చూద్దామనుకున్నా. నిద్ర పట్టేసింది. నా వల్లే వచ్చింది" అని ఏడ్చేసింది.

అపోహ: జ్వరం మందు టైముకి వేసి ఉంటే ఫిట్స్ వచ్చేవి కావు.

ఈ ఒక్క అపోహ గురించి నేనెంత సేపైనా మాట్లాడతాను. ఎందుకంటే ఇది తల్లుల్ని ఏళ్ల తరబడి తొలిచేస్తుంది. జ్వరం వచ్చిన ప్రతిసారీ మందు క్రమం తప్పకుండా ఇచ్చి చూసిన అధ్యయనాలున్నాయి. ఇచ్చిన పిల్లల్లోనూ, ఇవ్వని పిల్లల్లోనూ తర్వాతి జ్వరాల్లో ఫిట్స్ దాదాపు ఒకేలా వచ్చాయి. చాలాసార్లు జ్వరం ఉందని ఇంట్లో ఎవరూ గమనించకముందే ఫిట్స్ వచ్చేస్తాయి. ఒళ్లు ముట్టుకుంటే అప్పుడు తెలుస్తుంది కాలిపోతోందని. ఆ వయసు మెదడు జ్వరానికి తొందరగా స్పందిస్తుంది, దానికి తోడు వంశంలో ఆ గుణం ఉండొచ్చు. ఈ మాట అంటుండగానే ఆవిడ తలెత్తి, "మా తమ్ముడికి చిన్నప్పుడు రెండుసార్లు వచ్చాయి. ఇప్పుడు వాడికి ఇద్దరు పిల్లలు" అంది. నేను చెప్పిన అన్నిటికంటే ఆవిడకి ధైర్యమిచ్చింది ఆ తమ్ముడే.

మరి మందు ఎందుకు? ఒళ్లునొప్పులు తగ్గి, బిడ్డ నాలుగు గుక్కలు నీళ్లు తాగడానికి. పారాసిటమాల్ బరువుని బట్టి ఇస్తారు, కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. ఈ బాబు 11 కిలోలు, కాబట్టి ఒక డోసు 110 నుంచి 165 మిల్లీగ్రాములు, ఆరు గంటల తేడాతో. సిరప్పు సీసాల్లో బలం ఒకేలా ఉండదు, చుక్కల మందు ఇంకా గాఢంగా ఉంటుంది. "ఒక మూత" అని కొలవకుండా లేబుల్ మీద ఎన్ని ఎం.ఎల్.లో ఎన్ని మిల్లీగ్రాములో చూడాలి. భయంతో డోసు మీద డోసు వేస్తే దెబ్బతినేది కాలేయం. చన్నీళ్లతో ఒళ్లు తడపడం, ఐసు పెట్టడం కూడా వద్దు. బిడ్డ వణుకుతాడు, బాధపడతాడు, ఫిట్స్‌కి మాత్రం ఉపయోగం లేదు.

అపోహ: ఒకసారి వచ్చాయంటే మెదడు దెబ్బతింటుంది, మూర్ఛ వ్యాధి పట్టుకున్నట్టే.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరి నుంచి ఐదుగురికి ఇవి వస్తాయి. మామూలు రకం, అంటే ఒళ్లంతా కొట్టుకుని, 15 నిమిషాల లోపే ఆగి, 24 గంటల్లో మళ్లీ రాని ఫిట్స్, తెలివితేటల్ని దెబ్బతీయవు. వీళ్లలో తర్వాత మూర్ఛ వ్యాధి వచ్చేది నూటికి ఒకరిద్దరికే. ఇంకో జ్వరంలో మళ్లీ ఫిట్స్ రావడం మాత్రం సుమారు ముగ్గురిలో ఒకరికి జరుగుతుంది. ఈ సంగతి దాచకూడదు. చెప్పకపోతే రెండోసారి ఇంకా ఎక్కువ భయపడతారు.

"తలకి స్కాన్ తీయరా మేడం?" అని అడిగింది. మామూలు రకానికి స్కానూ, మెదడు తరంగాలు చూసే ఈఈజీ పరీక్షా అవసరం లేదు. నేను వెతికేది జ్వరం ఎక్కడినుంచి వచ్చిందని. చెవులు చూశాను, గొంతు చూశాను, మెడ వంచి చూశాను, ఒంటి మీద ఎర్ర మచ్చలున్నాయేమో చూశాను. గొంతు ఎర్రగా ఉంది, ముక్కు కారుతోంది, మెడ మెత్తగా వంగింది, అంటే మెదడు పొర వాపు సూచన కనిపించలేదు. ఏడాది లోపు పసివాళ్లలో మెదడు పొర వాపు లక్షణాలు సరిగ్గా బయటపడవు, అందుకని వాళ్లకి కొన్నిసార్లు వెన్ను నీరు తీసి చూడాల్సి వస్తుంది.

అపోహ: జ్వరంతో వచ్చేవే కదా, ఎంతసేపున్నా ఏం కాదు.

ఇది పైవాటికి ఎదురు అపోహ. రెండోసారి వచ్చినప్పుడు కొందరు దీనిలో పడతారు. ఎక్కువ ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. ఐదు నిమిషాలు దాటితే వాటంతట ఆగే అవకాశం తగ్గిపోతుంది, ముక్కులోనో బుగ్గ లోపలో ఫిట్స్ ఆపే మందు మిడజోలం వేసి ఆపాలి. కాబట్టి ఐదు నిమిషాలకి ఆగకపోతే అంబులెన్స్ పిలవాల్సిందే. ఒంటి ఒక పక్కే కొట్టుకున్నా, అదే రోజు మళ్లీ వచ్చినా, గంట గడిచినా బిడ్డ మామూలుగా కళ్లు తెరిచి మనుషుల్ని గుర్తుపట్టకపోయినా ఆస్పత్రికి తీసుకురావాలి. మొదటిసారి వచ్చినప్పుడైతే ఎంత త్వరగా ఆగినా చూపించాలి.

ఇంట్లో ఎంతసేపు ఉన్నాయని అడిగితే ఆవిడ "అరగంట" అంది. వాళ్లాయనకి ఫోన్ చేసిన టైమూ, ఆటోలో ఆగిపోయాయన్న టైమూ కలిపి చూస్తే నాలుగు నిమిషాలు కూడా లేదు. భయంలో నిమిషం అంత సాగుతుంది. అందుకే గడియారం చూడమని అంత గట్టిగా చెబుతాం.

మూడు కాకముందే బాబు కదిలాడు. కళ్లు తెరిచి, బొటనవేలి మీద ఎర్రగా వెలుగుతున్న క్లిప్పుని కాసేపు చూసి, పీకి అవతల పడేశాడు. తర్వాత అమ్మని చూసి గట్టిగా ఏడుపు అందుకున్నాడు. ఆవిడ ఎత్తుకోబోయి ఆగి, "పక్కకి తిప్పి పడుకోబెట్టడం ఇంకోసారి చూపించండి మేడం" అంది. ముందు ఎత్తుకోండమ్మా, తర్వాత చూపిస్తానన్నాను.