పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు: రెండు దారుల కథ

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెంచలయ్య అన్న పేరు ఎంత సాధారణమో, దాన్ని ఇంగ్లిష్‌లో రాసే తీరు అంత అనిశ్చితం. PENCHALAIAH, PENCHALAYYA, PENCHALIAH, PENCHELAIAH అని నాలుగు విధాలుగా రాసినా పెంచలకోన నరసింహస్వామి పేరు పెట్టుకున్న ఆ మనిషి ఒక్కడే. తెలుగులో రాసినప్పుడు అనుమానానికి తావు లేని ఈ పేరు, ఇంగ్లిష్‌లోకి వెళ్ళేసరికి రాసే గుమాస్తా అలవాటును బట్టి మారిపోతుంది. తెలుగు పేర్లను ఇంగ్లిష్‌లో ఇలాగే రాయాలన్న కట్టుబాటు జనవ్యవహారంలో ఎన్నడూ లేదు. పదో తరగతి మెమోకూ ఆధార్‌కూ మధ్య కనిపించే తేడాల్లో చాలావాటికి మూలం ఇదే. దీనికి తోడుగా, ఈ రెండు పత్రాలూ ఒకదానినొకటి చూడకుండా పుట్టిన చరిత్ర ఉంది.

మెమోలోని పేరు బడిలో పుడుతుంది. పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో చేర్చిన రోజున ప్రధానోపాధ్యాయుడు అడ్మిషన్ రిజిస్టరులో రాసిన పేరే ఆ తరువాత టీసీలోకీ, పదో తరగతిలో పరీక్ష రాసేవారి జాబితా అయిన నామినల్ రోల్‌లోకీ, అక్కడి నుంచి ప్రభుత్వ పరీక్షల విభాగం ముద్రించే మెమోలోకీ ప్రవహిస్తుంది. రిజిస్టరులో తెలుగులో ఉన్న పేరుకు నామినల్ రోల్‌లో ఇంగ్లిష్ రూపం ఇచ్చే పని చాలాకాలం పాఠశాల సిబ్బంది చేతిలోనే ఉండేది. ఇంటిపేరును పూర్తిగా రాయాలా, మొదటి అక్షరంతో సరిపెట్టాలా అన్నదీ వారి ఇష్టమే. షేక్ అన్న మాటను Sk. అనీ, సయ్యద్‌ను Sd. అనీ కుదించి రాయడం మన రెండు జిల్లాల బడుల్లో ఎంత పాతుకుపోయిన అలవాటో పాత మెమోలు తిరగేసిన వారికి తెలుసు.

ఆధార్ దారి వేరు. విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2009లో ఏర్పడింది, మొదటి ఆధార్ సంఖ్య 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా తెంభ్లీ గ్రామంలో జారీ అయింది. నమోదు శిబిరాలు మన ఊళ్ళకు వచ్చినప్పుడు చాలామంది చేతిలో పట్టుకుని వెళ్ళింది రేషన్ కార్డో ఓటరు కార్డో తప్ప పదో తరగతి మెమో కాదు. ఆ కార్డుల్లోని పేర్లు ఇంటి యజమాని చెప్పగా మరొకరు రాసుకున్నవి. ఆధార్‌లో ఇంటిపేరుకు వేరే గడి లేదు. పేరంతా ఒకే గడిలో నింపాలి. అందువల్ల ఇంటిపేరు ముందు రావాలా, వెనుక రావాలా, అసలు రావాలా వద్దా అన్నది శిబిరంలో కూర్చున్న ఆపరేటరు, ముందున్న కాగితం కలిసి తేల్చేవి. తెలుగు రూపాన్ని యంత్రమే ఇంగ్లిష్ అక్షరాల నుంచి తయారుచేయడంతో కొందరు పెంచలయ్యలు ‘పెంచలైహ్’లుగా అచ్చయ్యారు. నవ్వు తెప్పించే తప్పే కానీ, నష్టం చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోని తేడా, ఎందుకంటే ఒక దస్త్రాన్ని మరొకదానితో పోల్చేటప్పుడు యంత్రాలు సాధారణంగా చూసేది వాటినే.

మనిషి చూసినంత కాలం ఈ తేడా ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. మెమో చూసే గుమాస్తా K అంటే కోట అని అర్థం చేసుకునేవాడు. ఉపకార వేతనాలు ఆధార్‌తో ముడిపడి, విద్యార్థుల శాశ్వత విద్యా గుర్తింపు సంఖ్య అయిన అపార్‌కూ భవిష్యనిధి ఖాతాకూ పేర్లను కంప్యూటరు సరిపోల్చడం మొదలయ్యాకే ఇది సమస్యగా బయటపడింది.

ఇక సవరణ సంగతి. ఏ పత్రాన్ని మార్చాలన్న ప్రశ్నకు జవాబు దొరక్కముందే మీసేవకు పరుగెత్తడం మన దగ్గర జరిగే అసలు పొరపాటు. కావలి పక్క పల్లెలో ఒక అమ్మాయి ఉందనుకుందాం. బడి రిజిస్టరులో ఆమె పేరు కోట పెంచల ప్రసన్న, మెమోలో KOTA PENCHALA PRASANNA, ఐదేళ్ళ వయసులో రేషన్ కార్డు చూపి తీసుకున్న ఆధార్‌లో Penchalaprasanna K. మొదట చూడవలసింది ఆధార్ కాదు, అడ్మిషన్ రిజిస్టరు. రిజిస్టరు, టీసీ, మెమో మూడూ ఒకే పేరు చెబుతున్నాయి కనుక ఇక్కడ తప్పు ఆధార్‌దే, మార్చవలసిందీ దాన్నే. పై చదువుల సర్టిఫికెట్లన్నీ మెమోలోని పేరునే అనుసరిస్తాయి కనుక, సందేహం ఉన్నప్పుడు ఆధార్‌ను మెమో వైపు తీసుకురావడమే మేలని నా అభిప్రాయం.

ఆమె ఫొటో ఉన్న అసలు మెమోను తీసుకుని ఆధార్ కేంద్రానికి వెళ్ళి, ఫారంలో మెమోలోని పేరును అక్షరం, ఖాళీ, వరుసక్రమం ఏదీ తేడా లేకుండా పెద్ద అక్షరాల్లో రాయాలి. ఆపరేటరు టైపు చేసిన తరువాత తెరమీది పేరును, చేతికిచ్చిన రసీదులోని పేరును మెమోతో పోల్చి చూడడం తప్పనిసరి. ఈ జాగ్రత్త అతిగా అనిపించవచ్చు కానీ, ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లే మార్చుకునే వీలుంది. ‘పెంచల’కూ ‘ప్రసన్న’కూ మధ్య ఖాళీ మరిచిపోతే ఒక అవకాశం వృథా అయినట్టే. రసీదుపై ఉన్న నమోదు సంఖ్యతో అభ్యర్థన ఏ దశలో ఉందో చూసుకోవచ్చు. పదిహేనేళ్ళు నిండాక వేలిముద్రలు, కంటిపాప ఎలాగూ మళ్ళీ ఇవ్వాలి కనుక, మెమో చేతికొచ్చాక అదే ప్రయాణంలో పేరు పని కూడా ముగించుకోవచ్చు.

ఇదే అమ్మాయికి రిజిస్టరులో పేరు సరిగా ఉండి, నామినల్ రోల్ టైపు చేసేటప్పుడు PRASANA అని పడి మెమో తప్పుగా వచ్చి ఉంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఆధార్‌ను ఆ తప్పుకు సరిపెట్టడం కంటే, చదివిన బడి ప్రధానోపాధ్యాయుడి ద్వారా జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం మీదుగా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పంపాలి. అడ్మిషన్ రిజిస్టరు నకలు, అసలు మెమో దానికి జతపరచాలి. వీరు సరిదిద్దేది రిజిస్టరుకూ మెమోకూ ఉన్న తేడానే. రిజిస్టరులోనే మరో పేరు ఉంటే ఈ దారి సాధారణంగా పనిచేయదు. నామినల్ రోల్ సరిచూసుకునే గడువులో తల్లిదండ్రులు పది నిమిషాలు వెచ్చిస్తే ఈ తిరుగుడు ఉండదు.

పెళ్ళయిన స్త్రీల విషయం కాస్త వేరు. మెమోలో పుట్టింటి పేరు, రేషన్ కార్డు ఆధారంగా తీసుకున్న ఆధార్‌లో అత్తింటి పేరు ఉండడం మన వైపు సర్వసాధారణం. ఇక్కడ ఏ పత్రమూ తప్పు కాదు. ఆధార్‌లో పుట్టింటి పేరుకు తిరిగి రావడమా, రెంటినీ కలిపే వివాహ ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవడమా అన్నది ఆమె ఏ పనికి దరఖాస్తు చేస్తున్నారన్నదానిపై ఆధారపడుతుంది.

రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ దగ్గర రాయించుకునే అఫిడవిట్‌ను కొన్ని కార్యాలయాలు అంగీకరిస్తాయి కానీ, అది మనిషి చదివే చోటనే చెల్లుతుంది. పేర్లను కంప్యూటరే పోల్చే చోట దానికి గడి ఉండదు. కుదింపులూ అక్షరదోషాలూ కాక పేరే పూర్తిగా వేరైతే ఆధార్ కేంద్రం గెజిట్ ప్రకటన అడుగుతుంది.