దొంగ చేతిలోని ఫోన్‌ను ఆపే 15 అంకెలు: ఐఎంఈఐ నేపథ్యం

ఫోన్ పోయిందని తెలియగానే చాలామంది ముందుగా సిమ్ బ్లాక్ చేయిస్తారు. అది చేయాల్సిన పనే. కానీ దానివల్ల ఆగేది మన నంబరు ఒక్కటే, ఫోన్ ఆగదు. దొంగ ఆ సిమ్ తీసేసి వేరే సిమ్ వేసుకుంటే, నెట్‌వర్క్‌కు అతను మామూలు కస్టమర్‌గానే కనిపిస్తాడు.

ఈ చిక్కు జీఎస్ఎం అనే డిజిటల్ మొబైల్ ప్రమాణం పుట్టుకతోనే వచ్చింది. అంతకుముందు తరం అనలాగ్ ఫోన్లలో చాలావరకు నంబరును సెట్‌లోనే ప్రోగ్రామ్ చేసేవారు. ఫోన్ మారిస్తే కొత్త సెట్‌లో మళ్లీ నంబరు ఎక్కించుకోవాలి. యూరప్‌లో జీఎస్ఎం రూపొందించినవాళ్లు కస్టమర్‌నూ సెట్‌నూ విడదీశారు. కస్టమర్ ఎవరన్నది సిమ్ కార్డులో ఉంటుంది, దాని గుర్తింపు ఐఎంఎస్ఐ. ఆ కార్డు ఏ సెట్‌లో ఉందన్నది సెట్ చెబుతుంది, దాని గుర్తింపు ఐఎంఈఐ అనే నంబరు. 1991 జూలై 1న ఫిన్లాండ్‌లో మొదటి వాణిజ్య జీఎస్ఎం కాల్ మోగేనాటికే ఈ ఏర్పాటు సిద్ధంగా ఉంది. సిమ్ తీసి ఏ ఫోన్‌లోనైనా వేసుకోగలగడం వాడేవాళ్లకు గొప్ప సౌకర్యం. దొంగిలించిన ఫోన్‌కు గిరాకీ తెచ్చింది కూడా ఆ సౌకర్యమే.

ప్రమాణాలు రాసినవాళ్లు దీన్ని గమనించలేదని అనలేం. దొంగిలించిన సెట్లను, సాంకేతిక లోపంతో నెట్‌వర్క్‌ను ఇబ్బందిపెట్టే సెట్లను ఆపడానికే ఐఎంఈఐ అని మొదటి పత్రాల్లోనే ఉంది. అయినా ఆ మాట అమల్లోకి రావడానికి పదేళ్లకు పైగా పట్టింది. ఎందుకు పట్టిందో తెలియాలంటే ముందు నంబరులో ఏముందో చూడాలి.

ఐఎంఈఐలో 15 అంకెలుంటాయి. మొదటి ఎనిమిది అంకెలను టీఏసీ అంటారు. అవి ఫోన్ తయారీదారును, మోడల్‌ను చెబుతాయి. ఒక మోడల్ పది లక్షలకు మించి అమ్ముడైతే ఒక టీఏసీ చాలదు, తయారీదారు ఇంకొకటి తీసుకుంటాడు. ఈ కోడ్‌ల కేటాయింపును చూసేది ప్రపంచ మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్ఎంఏ. తర్వాతి ఆరు అంకెలు ఆ మోడల్‌లో ఆ ఒక్క సెట్ వరుస సంఖ్య. పాత ఫోన్లలో టీఏసీ ఆరు అంకెలే ఉండేది, తర్వాతి రెండు ఏ ఫ్యాక్టరీలో బిగించారో చెప్పేవి. 2004 ఏప్రిల్ నుంచి ఆ రెండూ టీఏసీలో కలిసిపోయాయి. కాబట్టి ఐఎంఈఐలో ఫలానా రెండు అంకెలు చూసి ఫోన్ ఏ దేశంలో తయారైందో, దాని నాణ్యత ఎంతో చెప్పొచ్చని తిరిగే మెసేజ్‌లను నమ్మకండి.

పదిహేనో అంకె తనిఖీ కోసం. ప్రమాణాల గురించి రాసేవాళ్లు తరచూ వాడే ఉదాహరణ నంబరు 490154203237518 తీసుకుందాం. చివరి 8ని పక్కనపెట్టి, మిగిలిన 14 అంకెల్లో రెండోది, నాలుగోది, ఆరోది, ఇలా సరి స్థానాల్లో ఉన్నవాటిని రెట్టింపు చేయాలి. రెట్టింపు రెండంకెల సంఖ్య అయితే ఆ రెండు అంకెలనూ కూడాలి. అంటే 9 రెట్టింపు 18, దాని అంకెల మొత్తం 9. ఇలా అన్నీ కూడితే 52 వస్తుంది. తర్వాతి పదుల సంఖ్య 60 కావాలంటే ఇంకా 8 కావాలి, అదే చివరి అంకె. ఫిర్యాదు ఫారంలో ఒక అంకె తప్పు రాస్తే ఈ లెక్క కుదరదు, కంప్యూటర్ అక్కడే పట్టేస్తుంది. అయితే లెక్క కుదిరినంత మాత్రాన నంబరు అసలైనదని కాదు. ఈ లెక్క ఎవరైనా చేయగలరు, నకిలీ నంబర్లు తయారుచేసేవాళ్లతో సహా.

ఇక ఆపడం ఎలా జరుగుతుందంటే, ఆపరేటర్ దగ్గర ఈఐఆర్ అనే రిజిస్టర్ ఉంటుంది. అందులో మూడు జాబితాలు: తెల్లది, బూడిద రంగుది, నల్లది. తెల్ల జాబితాలో ఉంటే అనుమతి, బూడిద జాబితాలో ఉంటే అనుమతిస్తూనే కనిపెట్టుకుని ఉండటం, నల్ల జాబితాలో ఉంటే నిరాకరణ. ఫోన్ ఆన్ చేసినప్పుడు నెట్‌వర్క్ దాని ఐఎంఈఐ అడిగి, ఈ రిజిస్టర్‌తో పోల్చి, లోపలికి రానివ్వాలో వద్దో తేల్చుకుంటుంది.

ఆలస్యానికి అసలు కారణం ఇక్కడే ఉంది. ప్రమాణాల ప్రకారం ఈఐఆర్ తప్పనిసరి కాదు, ఆపరేటర్ ఇష్టం. పెట్టడానికి ఖర్చవుతుంది. దొంగిలించిన ఫోన్‌లో కొత్త సిమ్ వేసుకునేవాడు కూడా ఆపరేటర్‌కు డబ్బు కట్టే కస్టమరే. ఒక ఆపరేటర్ ముందుకొచ్చి తన నెట్‌వర్క్‌లో ఆపినా, అదే ఫోన్ పక్క ఆపరేటర్ సిమ్‌తో హాయిగా పనిచేసేది. పైగా ఆనాటి చాలా ఫోన్లలో ఐఎంఈఐని ఒక కేబుల్, ఒక సాఫ్ట్‌వేర్ ఉంటే మార్చేయవచ్చు. పంచుకోని జాబితా ఒక లోపం, చెరిగిపోయే నంబరు ఇంకో లోపం. ఈ రెండూ ఉన్నంతకాలం నల్ల జాబితా కాగితం మీదే ఉండిపోయింది.

మలుపు 2002లో వచ్చింది. తయారీ పూర్తయ్యాక ఐఎంఈఐని ఏ విధంగానూ మార్చడానికి వీల్లేకుండా ఉండాలన్న నిబంధన ఆ ఏడాది జూన్ 1 తర్వాత ఆమోదం పొందే కొత్త ఫోన్లకు వర్తించింది. ఫోన్ దొంగతనాలతో సతమతమవుతున్న బ్రిటన్ అదే ఏడాది ఐఎంఈఐ మార్చడాన్ని నేరం చేస్తూ ప్రత్యేక చట్టం తెచ్చింది, గరిష్ఠ శిక్ష ఐదేళ్ల జైలు. అక్కడి ఆపరేటర్లు బ్లాక్ జాబితాలను పంచుకోవడం మొదలుపెట్టిందీ ఆ కాలంలోనే. ఒకచోట ఆపిన ఫోన్ దేశంలోని మిగతా నెట్‌వర్క్‌లలో కూడా ఆగడం అప్పుడు సాధ్యమైంది. అమెరికాలో పెద్ద ఆపరేటర్లు ఉమ్మడి జాబితాకు ఒప్పుకున్నది 2012 ఏప్రిల్‌లో. పదేళ్ల ఈ తేడాకు సాంకేతికత అడ్డం కాలేదు. జాబితా పంచుకోమని వాళ్లను గట్టిగా అడిగినవాళ్లు లేకపోయారన్నది నా అభిప్రాయం.

భారత్‌లో కథ ఇంకో దారిలో నడిచింది. అక్కడ మొదటి సమస్య అసలు ఐఎంఈఐ లేని చౌక సెట్లు, అన్నీ సున్నాలే ఉన్న సెట్లు. 2009 నవంబరు చివర వాటికి సేవలు ఆపమని ప్రభుత్వం ఆదేశించింది. కేంద్రీయ రిజిస్టర్ సీఈఐఆర్‌ను 2019లో ముంబైలో ప్రారంభించి, 2023 మేలో దేశమంతా అందుబాటులోకి తెచ్చారు. ఈ మధ్యలో, 2020లో, మీరట్ పోలీసుల విచారణలో ఒకే ఐఎంఈఐతో 13 వేలకు పైగా ఫోన్లు నడుస్తున్నట్టు బయటపడింది. అలాంటి నంబరును నల్ల జాబితాలో పెడితే ఏమవుతుంది? దొంగతో పాటు ఏ పాపమూ ఎరగని వేల మంది ఫోన్లు మూగబోతాయి. ఒక్క సెట్‌కు ఒక్క నంబరు అన్న నమ్మకం చెడితే ఈ వ్యవస్థకు ఆధారమే ఉండదు.

ఇప్పుడు ఒక సందర్భాన్ని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. రెండు సిమ్‌లు పట్టే ఫోన్ ఒకటి ప్రయాణంలో పోయింది. యజమాని పాత బిల్లు వెతికి, అందులో ఉన్న ఒక్క ఐఎంఈఐ ఇచ్చి బ్లాక్ చేయించాడు. దొంగ రెండో స్లాట్‌లో సిమ్ వేశాడు. ఫోన్ పనిచేసింది! రెండు సిమ్‌ల ఫోన్‌కు రెండు ఐఎంఈఐలుంటాయి, ఏ స్లాట్‌లోని సిమ్ నెట్‌వర్క్‌తో మాట్లాడితే ఆ స్లాట్ నంబరే వెళ్తుంది. అక్కడి వ్యవస్థ రెండు నంబర్లనూ తనంతట తాను జతకట్టకపోతే రెండోది తెరిచే ఉంటుంది. యజమాని రెండో నంబరు కూడా ఇచ్చాక, దొంగ ఫోన్‌ను మళ్లీ ఆన్ చేసినప్పుడు సెట్ తన నంబరు పంపింది, రిజిస్టర్‌లో అది నల్ల జాబితాలో కనబడింది, నెట్‌వర్క్ తిరస్కరించింది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల తెర మీద అప్పుడు `MM#6` అనే కోడ్‌తో, ఈ ఫోన్‌కు అనుమతి లేదనే సందేశం వస్తుంది. సిగ్నల్ లేకపోవడం వేరు, ఇది వేరు. సిమ్ మార్చినా అదే సందేశం వస్తే, అదే సిమ్ వేరే ఫోన్‌లో మామూలుగా పనిచేస్తే, ఆగింది సెట్ అని గట్టిగా అనుమానించవచ్చు.

ఈ కథలో యజమానిని ఇబ్బందిపెట్టింది నంబరు దొరకకపోవడమే. ఫోన్ చేతిలో ఉన్నప్పుడు `*#06#` డయల్ చేస్తే చాలు, కాల్ బటన్ నొక్కకుండానే ఐఎంఈఐలన్నీ తెర మీదకు వస్తాయి. సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల పేజీలోనూ ఉంటాయి. ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచుకుంటే ఉపయోగం లేదు, వేరేచోటికి పంపుకోండి. ఫోన్ పోయాక వెతకాల్సి వస్తే ముందు పెట్టె మీది స్టిక్కర్, తర్వాత బిల్లు చూడాలి. అవీ లేకపోతే వేరే పరికరంలో ఖాతాలోకి లాగిన్ కావాలి. ఐఫోన్ అయితే యాపిల్ ఖాతాలోని పరికరాల జాబితాలో, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ వారి ఫోన్ వెతికే సేవలో ఐఎంఈఐ కనిపిస్తుంది. ఫోన్‌ను ఖాతా నుంచి తొలగించాక అక్కడా కనబడదు, కాబట్టి కంగారులో ఆ పని చేయకూడదు.

ఐఎంఈఐ తెలిస్తే ఫోన్ ఎక్కడుందో ఎవరైనా ఇంటర్నెట్‌లో చూడొచ్చనే ప్రచారం మాత్రం అబద్ధం. ఆ నంబరు ఏ సిమ్‌తో, ఏ టవర్ కింద కనిపించిందో ఆపరేటర్ రికార్డుల్లో ఉంటుంది. అది దర్యాప్తు సంస్థలకు చట్టపరంగా అందే సమాచారం. డబ్బు తీసుకుని చూపిస్తామనే వెబ్‌సైట్లు మీ నంబరు, మీ డబ్బు తీసుకుంటాయి, అంతే.

బ్లాక్ అయిన ఫోన్ చచ్చిపోయినట్టు కాదు. అది వైఫైలో పనిచేస్తుంది, ఎందుకంటే వైఫై ఈఐఆర్‌ను అడగదు. జాబితా పంచుకోని దేశానికి చేరితే మొబైల్ నెట్‌వర్క్‌లో కూడా పనిచేస్తుంది. దొంగ సొత్తు సరిహద్దులు దాటడానికి ఇదొక పెద్ద కారణం. ఈ ఖాళీని కొంతవరకు పూడ్చింది 2013లో ఐఓఎస్ 7తో వచ్చిన యాక్టివేషన్ లాక్, ఆ తర్వాత ఆండ్రాయిడ్‌లో వచ్చిన అలాంటి రక్షణ. ఇవి ఫోన్‌ను రీసెట్ చేసినా పాత యజమాని పాస్‌వర్డ్ అడుగుతాయి, ఏ దేశంలోనైనా, ఏ నెట్‌వర్క్‌లోనైనా. తాళం సెట్‌ను వాడనివ్వదు, నల్ల జాబితా సెట్‌ను నెట్‌వర్క్‌లోకి రానివ్వదు. రెండూ ఉంటే దొంగకు మిగిలేది చాలావరకు విడిభాగాల ధర.

సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లకు ఒక జాగ్రత్త. `*#06#` చూపించే నంబరు, సెట్టింగ్స్‌లోది, పెట్టె మీదిది ఒకటేనా చూడండి. ఆ నంబరును డేటాబేస్‌లో వెతికితే చేతిలో ఉన్న మోడల్ కాక వేరే మోడల్ పేరు వస్తే, ఐఎంఈఐ మార్చారని అనుమానించాలి. నల్ల జాబితాలో లేదని తేలినా అది ఆ క్షణానికి మాత్రమే నిజం. పోగొట్టుకున్నవాళ్లు రెండు రోజుల తర్వాత ఫిర్యాదు చేస్తే, అప్పటిదాకా పనిచేసిన ఫోన్ మీ చేతిలో ఆగిపోతుంది. అందుకే అమ్మినవారి పేరు మీద ఉన్న అసలు బిల్లు అడిగి తీసుకోండి.