అప్పు తీర్చడానికి అప్పు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఒక చోట తీసి ఇంకో చోట కడుతున్నాం, మొత్తం బాకీ పెరగదు.

వాస్తవం: పత్రం మీది అప్పు వేరు, చేతికొచ్చే సొమ్ము వేరు. నెల గడువు ఉండే చిన్న రుణాల్లో చాలావరకు ఫీజు ముందే పట్టుకుని మిగతాది ఇస్తారు. ఫీజు పది శాతం, వడ్డీ నెలకు నూటికి మూడు అనుకుందాం. రేపు కట్టాల్సింది 10,000. అంత చేతికి రావాలంటే 11,111 అప్పు రాయాలి. నెల తిరిగేసరికి వడ్డీతో కలిపి 11,444 అవుతుంది. దీన్ని తీర్చడానికి ఈసారి 12,716 రాయాలి, గడువుకి 13,097 కట్టాలి. ఇలా ఆరుసార్లు తిప్పితే బాకీ దాదాపు 22,470కి చేరుతుంది. అదే ఆరు నెలలకు మూడు శాతం చక్రవడ్డీ ఒక్కటే పడి ఉంటే 11,941 దగ్గర ఆగేది. తేడా అంతా ఫీజుదే, అదీ తిప్పిన ప్రతిసారీ పెరిగిన మొత్తం మీద పడింది. అందుకే వడ్డీ ఎంతని మాత్రమే అడిగి ఊరుకుంటే అసలు ఖర్చు తెలియదు. చేతికి ఎంత, తిరిగి ఎంత, ఎన్నాళ్లకి అని అడగాలి.

అపోహ: ఒక్క వాయిదా కూడా తప్పలేదు, అంటే పరిస్థితి అదుపులోనే ఉంది.

వాస్తవం: ఈ సుడిలో మొదట కనపడేది సకాలంలో కట్టడమే. చరిత్ర బాగుందని పరిమితి పెంచేవాళ్లూ ఉంటారు! ఇంటి ఖర్చులు పోను 8,000 మిగిలి, వాయిదాలు 11,000 ఉంటే ప్రతి నెలా 3,000 లోటు. దాన్ని అప్పుతో పూడిస్తే ఆ అప్పు వాయిదా వచ్చే నెల 11,000కి తోడవుతుంది. కొత్తగా ఏమీ కొనకపోయినా లోటు పెరుగుతూనే ఉంటుంది. అప్పు తీసుకున్న తేదీలు, వాయిదా తేదీలు పక్కపక్కన రాసి చూడండి. వాయిదాకి రెండు మూడు రోజుల ముందే అప్పు పుడుతోందంటే సుడి మొదలైనట్టే.

అపోహ: కొత్త అప్పుతో పాతది తీర్చడం ఎప్పుడూ తప్పే.

వాస్తవం: కాదు. ఫీజులన్నీ కలిపినా చివరికి కట్టే మొత్తం తగ్గి, వాయిదా మీ మిగులులో ఇమిడితే పనికొస్తుంది. వాయిదా తగ్గిందని మాత్రం మురిసిపోకండి. గడువు పెంచితే వాయిదా తగ్గుతుంది కానీ వడ్డీ పెరుగుతుంది: 12 శాతం వార్షిక వడ్డీకి లక్ష తీసుకుని నెలనెలా సమాన వాయిదాల్లో రెండేళ్లలో తీరిస్తే వడ్డీ సుమారు 13,000, అయిదేళ్లలో తీరిస్తే సుమారు 33,500.

ముందుగా పాత రుణదాత దగ్గర ముగింపు మొత్తం ఎంతో, ముందే తీర్చినందుకు రుసుము ఉందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. కొత్త సొమ్ము వీలైతే నేరుగా వాళ్లకే చేరేలా చూడండి, తర్వాత బాకీ లేదన్న పత్రం పుచ్చుకోండి. పథకం చెడేది ఎక్కువగా ఇక్కడే: క్రెడిట్ కార్డు బాకీ తీరుతుంది, కార్డు మాత్రం తెరిచే ఉంటుంది, కొన్నాళ్లకి పాత బాకీ మళ్లీ తయారవుతుంది, కొత్త వాయిదా దాని పైన. ఆ కార్డు మూయించండి, లేదా పరిమితి తగ్గించమనండి.

లోటు ఇంకా మిగిలితే ఏ కొత్త అప్పూ సరిపోదు. గడువు తప్పకముందే పాత రుణదాతతో మాట్లాడి వాయిదాలు మార్చమని అడగండి. అందుకు ఎంత అదనపు వడ్డీ పడుతుందో లెక్క అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.