కీమో నడుస్తుండగా బలం గోళీలు: ఈ అనుమానం ఎక్కడ మొదలైంది?

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు నుంచి కీమో కోసం హైదరాబాద్ వెళ్లొచ్చే కుటుంబాల సంచుల్లో రెండు రకాల మందులు కనిపిస్తాయి. ఆస్పత్రిలో రాసిన మందులన్నీ కేస్ షీట్‌లో ఉంటాయి. ఊళ్లో ఎవరో చెబితే మెడికల్ షాపులో కొన్న విటమిన్ గోళీలు, చుట్టాలు తెచ్చిచ్చిన పొడి డబ్బా, పొద్దున్నే తాగే తిప్పతీగ రసం మాత్రం ఏ కాగితం మీదా ఉండవు. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పథకం కింద కీమో చేయించుకునే కుటుంబం మన మనిషి కోసం సొంత డబ్బుతో ఏదైనా కొనాలనుకుంటే, తరచుగా కొనేది ఈ బలం మందులే. అది ప్రేమతో చేసే పని. అందుకే వద్దని చెప్పడం కష్టం, డాక్టర్ దగ్గర దాని మాట ఎత్తడం ఇంకా కష్టం. కానీ ఈ బలం మందులు కీమో పనినే తగ్గిస్తాయేమో అన్న అనుమానం ఒకటి ఉంది.

బలం గోళీలు మంచివే అన్న నమ్మకానికి నల్లగొండ వైపు ఇంకో మూలం కూడా ఉంది. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన ఊళ్లలో కాల్షియం, విటమిన్ సి తీసుకోమని డాక్టర్లే చెబుతూ వచ్చారు. ఫ్లోరోసిస్ నియంత్రణ కోసం నడిచే జాతీయ కార్యక్రమంలోనూ విటమిన్ సి, డి, కాల్షియం, యాంటీఆక్సిడెంట్లు ఇవ్వాలని ఉంది. కాబట్టి సి విటమిన్ మంచిదే అనే మాటను ఇక్కడి వాళ్ల అమాయకత్వం అనడం తప్పు. అది డాక్టర్ల నోటి నుంచి విన్న మాటే. కాకపోతే ఫ్లోరోసిస్ కోసం చెప్పిన సలహా, ఒంట్లోకి కీమో మందు ఎక్కుతున్న మనిషికి అలాగే వర్తించదు.

క్యాన్సర్‌కు విటమిన్ సి అనే ఆలోచన పెద్ద ఎత్తున ప్రచారంలోకి వచ్చింది 1976లో. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్, స్కాట్లండ్ సర్జన్ ఈవన్ కామెరాన్‌తో కలిసి ఒక వ్యాసం ప్రచురించారు. ముదిరిపోయిన క్యాన్సర్ ఉన్న 100 మందికి రోజుకు 10 గ్రాముల చొప్పున విటమిన్ సి ఇస్తే వాళ్లు మిగతావాళ్ల కంటే ఎక్కువ కాలం బతికారని అందులో రాశారు. అయితే పోల్చడానికి తీసుకున్నది పాత రికార్డుల్లోని రోగులను. రెండు గుంపులనూ ఒకే కొలతతో చూడలేదు. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా చేసి 1979లో ఒకసారి, 1985లో మరోసారి ఫలితాలు ప్రకటించారు. నోటి ద్వారా అంతే మోతాదు ఇచ్చినా ఏ మేలూ కనిపించలేదు. కామెరాన్ మొదట రక్తనాళం ద్వారా ఎక్కించారు కదా అనే వాదన తర్వాత చాలా కాలం నడిచింది. జనంలో మాత్రం పాలింగ్ మాటే నిలిచిపోయింది.

అప్పటికి ఇది మేలు చేస్తుందా లేదా అన్న చర్చే తప్ప, కీడు చేస్తుందేమో అన్న ఆలోచన పెద్దగా లేదు. 1994లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఫలితం ఆ ధీమాను చెదరగొట్టింది. పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద జరిగిన ఆ పరిశోధనలో, రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్న వాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. బీటా కెరోటిన్ అంటే క్యారెట్‌కు ఆ రంగునిచ్చే పదార్థమే. విటమిన్ సి లాగే ఇదీ యాంటీఆక్సిడెంటే, అంటే కణాలను దెబ్బతీసే పదార్థాలను చల్లార్చేది. రెండేళ్ల తర్వాత అమెరికాలో ఇలాంటి మరో పరిశోధనను ఇదే కారణంతో మధ్యలో ఆపేశారు. ఇవి క్యాన్సర్ రాకుండా ఆపడానికి చేసిన ప్రయత్నాలు, కీమో గురించి చేసినవి కావు. కానీ యాంటీఆక్సిడెంట్ వల్ల నష్టం ఉండదన్న నమ్మకం మాత్రం ఇక్కడితో పోయింది.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో మనం ఎక్కువగా ఆలోచించాల్సింది కెనడాలోని క్విబెక్‌లో జరిగిన పరిశోధన. తల, మెడ భాగాల క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందిలో కొందరికి విటమిన్ ఇ, బీటా కెరోటిన్ ఇచ్చారు, కొందరికి ఉత్తుత్తి గోళీ ఇచ్చారు. ఫలితాలు 2005లో వచ్చాయి. బీడీ, గుట్కా వల్ల నోటి క్యాన్సర్లు చూస్తున్న మన జిల్లాలకు ఇది దగ్గరి విషయం. రెండు విటమిన్లూ కలిపి తీసుకున్న వాళ్లకు, మనవాళ్లు కరెంటు పెట్టడం అనే ఆ చికిత్సలో వచ్చే తీవ్రమైన ఇబ్బందులు తగ్గాయి. అంటే రోగికి హాయిగానే అనిపించింది. అదే సమయంలో గడ్డ ఉన్నచోటే క్యాన్సర్ తిరగబెట్టడం విటమిన్లు తీసుకున్న గుంపులో 37 శాతం ఎక్కువగా కనిపించింది. ఈ తేడా యాదృచ్ఛికం కాదని ఖాయంగా చెప్పేంత బలంగా లేదు, నిజమే. అయినా దీన్ని పక్కన పెట్టలేం. గోళీ వేసుకున్నాక ఒంట్లో బాగుంది అనే అనుభవం, చికిత్స బాగా పనిచేస్తోంది అనడానికి సాక్ష్యం కాదని ఇది చూపించింది. మంచి కణాన్ని కాపాడినది చెడ్డ కణాన్ని కూడా కాపాడి ఉండవచ్చు.

అలా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే రొమ్ము క్యాన్సర్‌కు ఎక్కువగా వాడే డాక్సోరుబిసిన్‌ను చూడాలి. ఎర్రటి రంగులో ఉండే మందు అది. కణం రెండుగా విడిపోవడానికి అవసరమైన ఒక ఎంజైమును అడ్డుకుని డీఎన్‌ఏను తెంపడం దాని ప్రధానమైన పని. దానితోపాటు కణంలో ఫ్రీ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. ఇవి ఎదురొచ్చిన ప్రతిదాన్నీ దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు. క్యాన్సర్ కణంలో ఇవి ముందే ఎక్కువగా ఉంటాయి, ఇంకొంచెం పెరిగితే కణం తట్టుకోలేక చస్తుంది. యాంటీఆక్సిడెంట్ చేసే పని ఈ ఫ్రీ రాడికల్స్‌ను చల్లార్చడమే. డాక్సోరుబిసిన్ చేసే పనిలో వీటి వాటా ఎంత అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన ఉంది. అందుకే నష్టం జరిగి తీరుతుందని ఎవరూ అనరు, జరగవచ్చని అంటారు.

ప్రయోగశాల ఫలితాలు ఈ భయానికి బలం ఇచ్చాయి. 2008లో న్యూయార్క్ పరిశోధకులు విటమిన్ సి రూపాన్ని ముందుగా ఇచ్చి చూస్తే, డాక్సోరుబిసిన్‌తో సహా పలు కీమో మందులకు క్యాన్సర్ కణాలు తక్కువగా చచ్చాయి. 2002లో పసుపులోని కర్క్యుమిన్ గురించి ఇలాంటి ఫలితమే వచ్చింది. కూరలో వేసే చిటికెడు పసుపుకు భయపడనక్కర్లేదు. ఆ ప్రయోగాల భయం గాఢమైన క్యాప్సూల్ గురించి. విటమిన్ సి కూడా అంతే: జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో ఆడవాళ్లకు రోజుకు 65 మిల్లీగ్రాములు చాలు, షాపులో దొరికే చప్పరించే గోళీలో 500 ఉంటుంది. జామకాయ తినడానికీ ఆ గోళీలు రోజూ వేసుకోవడానికీ తేడా ఇక్కడే ఉంది.

మనుషుల్లో చూసిన ఒక పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు తీసుకున్న 1,134 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను, కీమోకు ముందూ కీమో సమయంలోనూ ఏమేం వాడారో అడిగి రాసుకున్నారు. విటమిన్ ఎ, సి, ఇ, కెరోటినాయిడ్లు, కోఎంజైమ్ క్యూ10లలో ఏదైనా రెండు దశల్లోనూ వాడిన వాళ్లలో క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం 41 శాతం ఎక్కువగా కనిపించింది. ఇది ఖాయమని చెప్పగలిగే గీతకు అతి దగ్గరగా ఆగిపోయింది. బి12 వాడిన వాళ్లలో సంబంధం ఇంకా గట్టిగా ఉంది. మామూలు మల్టీవిటమిన్‌తో మాత్రం అలాంటి సంబంధం కనిపించలేదు. ఇది గమనించి రాసుకున్న లెక్క, గోళీ ఇచ్చి చూసిన పరీక్ష కాదు. అందుకే బి12 లోపం నిజంగా ఉన్నవాళ్లు, షుగర్ జబ్బు గోళీల వల్ల ఒంట్లో బి12 తగ్గినవాళ్లు తమంతట తామే ఆపకూడదు. రక్తపరీక్ష చూసి డాక్టర్ తేల్చాల్సిన సంగతి అది.

ఇప్పుడు ఒక ఊహించిన ఉదాహరణను చివరిదాకా చూద్దాం. దేవరకొండ వైపు ఊరి నుంచి వచ్చే 48 ఏళ్ల ఆవిడ అనుకుందాం. ఎత్తు, బరువు లెక్కన ఆమె ఒంటి ఉపరితలం 1.5 చదరపు మీటర్లు. డాక్సోరుబిసిన్ 90 మిల్లీగ్రాములు, సైక్లోఫాస్ఫమైడ్ 900 మిల్లీగ్రాములు, 21 రోజులకు ఒకసారి, నాలుగుసార్లు. మొదటి సైకిల్ తర్వాత వారంపాటు నీరసం, నోట్లో పుండ్లు. కొడుకు యాంటీఆక్సిడెంట్ గోళీలు తెచ్చాడు, తమ్ముడు తిప్పతీగ రసం సీసా తెచ్చాడు. "బలానికే గదా అక్కా, తాగితే ఏమైతది" అన్నాడు. రెండో సైకిల్‌కు ముందు రక్తపరీక్షలో, కాలేయం దెబ్బతింటే పెరిగే బిలిరుబిన్ 2.1, ఎస్‌జీపీటీ 280 వచ్చాయి.

బిలిరుబిన్ 1.2 నుంచి 3 మధ్య ఉంటే డాక్సోరుబిసిన్‌ను సగానికి తగ్గించాలని ఆ మందు వాడకం సూచనల్లోనే ఉంది. అంటే 45 మిల్లీగ్రాములు, లేదా ఆ సైకిల్ వాయిదా. దానికి ముందు డాక్టర్ కారణం వెతకాలి. క్యాన్సర్ కాలేయానికి పాకిందా? లోపల నిద్రపోతున్న హెపటైటిస్ బి లేచిందా? కీమో మందే దెబ్బతీసిందా? ఒక్కో అనుమానానికి ఒక్కో పరీక్ష, ఒక్కోసారి బస్సు ప్రయాణం, ఇంట్లో టెన్షన్. తిప్పతీగ సంగతి చెప్పి ఉంటే ఆ జాబితాలో మొదట దాన్నే చూసేవారు. 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని రాశారు. మరుసటి ఏడు పలు ఆస్పత్రులు కలిసి 43 మంది వివరాలు ప్రచురించాయి. దాన్ని పోలిన వేరే తీగ వాడి ఉంటారని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. సీసాలో నిజంగా ఏ తీగ రసం ఉందో ఇంట్లో తేల్చుకోలేం కాబట్టి, రోగికి ఆ వాదన వల్ల ఒరిగేదేమీ లేదు. రసం ఆపి, రెండు వారాల తర్వాత పరీక్ష మళ్లీ చేస్తే అంకెలు దిగుతున్నాయా లేదా తెలుస్తుంది.

కాలేయం దెబ్బ కనీసం రక్తపరీక్షలో బయటపడింది. కొడుకు తెచ్చిన గోళీలు కీమో పనిని తగ్గించాయా అన్నది మాత్రం ఏ పరీక్షా చెప్పదు. రెండేళ్లకో, మూడేళ్లకో తిరగబెట్టినా, అది గోళీ వల్లా కాదా అన్నది ఆ ఒక్క మనిషి విషయంలో ఎప్పటికీ తేలదు. వేలమందిని కలిపి చూసినప్పుడే ఆ తేడా లెక్కలో కనిపిస్తుంది. కాబట్టి డాక్టర్‌కు తెలిసే దారి ఒక్కటే, రోగి లేదా వెంట వచ్చినవాళ్లు నోరు తెరిచి చెప్పడం. డాక్టర్ వైపు నుంచి కూడా "ఇంకేమైనా వాడుతున్నారా" అని కోపం లేకుండా అడగాలి. ఒకసారి కసిరితే ఆ కుటుంబం మళ్లీ ఆ మాట ఎత్తదు.

ఏది సరే, ఏది వద్దు అన్నది మందు పేరును బట్టి మారిపోతుంది కూడా. ఫోలిక్ యాసిడ్‌నే తీసుకోండి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పెమెట్రెక్సెడ్ ఎక్కించేటప్పుడు దుష్ప్రభావాలు తగ్గడానికి ఫోలిక్ యాసిడ్, బి12 రెండూ డాక్టరే తప్పనిసరిగా ఇస్తారు. అదే ఫోలిక్ యాసిడ్‌ను పేగు క్యాన్సర్‌కు వాడే కెపిసిటాబిన్ గోళీలతో కలిపితే విరేచనాలు, నోటిపుండ్లు ముదరవచ్చు. పక్క మంచం మీది రోగికి రాసిన గోళీ చూసి మనమూ కొనుక్కుంటే జరిగేది ఇదే.

చెప్పేటప్పుడు "ఏదో విటమిన్" అంటే డాక్టర్‌కు ఉపయోగం లేదు. గోళీల షీటు, సీసా, పొడి డబ్బా పారేయకుండా ఆ సంచిలోనే పెట్టుకుని వెళ్లాలి. లేబుల్ మీద ఏ పదార్థం ఎన్ని మిల్లీగ్రాములు ఉందో డాక్టర్ చూసుకుంటారు. ఏ రోజు నుంచి, రోజుకు ఎన్నిసార్లు అన్నది ఒక చీటీ మీద రాసిస్తే, కేస్ షీట్‌లో ఎక్కుతుంది. తర్వాతి సైకిల్‌కు వేరే డాక్టర్ డ్యూటీలో ఉన్నా ఆ కాగితం చూసి తెలుసుకుంటారు.