హోటల్ వంటగదికి గ్యాస్ పైపు, రెగ్యులేటర్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో లాడ్జితో కలిసి ఉన్న ఒక టిఫిన్ హోటల్‌లో కొన్నాళ్ల కింద ఎదురైన సమస్యను ముందుగా చెబుతాను, ఎందుకంటే వంటగదులకు గ్యాస్ లైన్లు వేసే మా పనిలో తరచుగా వినిపించే అపోహలు చాలా వరకు ఆ ఒక్క వంటగదిలోనే కనిపించాయి. తెల్లవారుజామున ఒక్క దోశ పెనం వెలిగించినప్పుడు మంట చక్కగా ఉండేది. ఎనిమిది గంటలకు రెండు భట్టీలూ మూడు పొయ్యిలూ తోడైతే మాత్రం పెనం మీద దోశ ఎర్రబడేది కాదు. మేడారం జాతర రోజుల్లో లాడ్జి నిండి, పొయ్యిలు పొద్దంతా ఆగకుండా మండేసరికి ఇబ్బంది భరించలేనంత అయిందని యజమాని చెప్పారు.

అపోహ: మంట తగ్గితే పెద్ద రెగ్యులేటర్ పెట్టాలి.

నేను వెళ్లేసరికే అక్కడ రెగ్యులేటర్ మార్చి పెద్దది బిగించారు, అయినా మంటలో తేడా రాలేదు. 30 మిల్లీబార్ల ఒత్తిడికి అమర్చిన రెగ్యులేటర్ చిన్నదైనా పెద్దదైనా, తన సామర్థ్యం మేరకు అదే 30 మిల్లీబార్లు ఇస్తుంది. అందువల్ల మార్చే ముందు, అన్ని పొయ్యిలూ వెలిగించి, ఒత్తిడిని కొలిచే మానోమీటర్‌తో రెండు చోట్ల కొలవాలి: రెగ్యులేటర్ దాటిన వెంటనే ఒకసారి, చివరి బర్నర్ దగ్గర మరొకసారి. మొదటి చోటే ఒత్తిడి పడిపోతే లోపం రెగ్యులేటర్‌లోనో సిలిండర్లలోనో ఉంటుంది. మొదటి చోట నిలకడగా ఉండి రెండో చోట పడితే లోపం పైపుది. ఇక్కడ మొదటి చోట 30, పెనం దగ్గర 17 వచ్చింది.

అపోహ: ఒక పొయ్యికి సరిపోయిన అరంగుళం పైపు, మిగతావాటికీ సరిపోతుంది.

ఈ వంటగది మొత్తం లోడు గంటకు 8 కిలోల ఎల్‌పీజీ, అంటే సుమారు 3.6 ఘనపు మీటర్ల వాయువు. సిలిండర్లను వరుసగా కలిపి ఉంచే గ్యాస్ బ్యాంక్ నుంచి పైపు 40 మీటర్లు, మలుపులను కూడా పొడవు కింద లెక్కిస్తే 46 మీటర్లు. షెడ్యూల్ 40 అనే మందం రకం అరంగుళం పైపు లోపలి వ్యాసం 15.8 మిల్లీమీటర్లు. ఇంత వాయువు అందులోంచి పోవాలంటే దాదాపు 21 మిల్లీబార్లు నష్టపోవాలి. కానీ ఒత్తిడి తగ్గే కొద్దీ బర్నర్లు తీసుకునే గ్యాస్ కూడా తగ్గుతుంది కాబట్టి పరిస్థితి 17 దగ్గర స్థిరపడింది, వేడిలో దాదాపు నాలుగో వంతు పోయింది. ముప్పావు అంగుళానికి నష్టం సుమారు 5, అంగుళం పైపుకు 1.6 మిల్లీబార్లు మాత్రమే. ప్రవాహం రెట్టింపైతే నష్టం నాలుగింతలవుతుంది; లోపలి వ్యాసం రెట్టింపైతే నష్టం 32వ వంతుకు దిగుతుంది. ఒక్క పెనం వెలిగినప్పుడు ఒక మిల్లీబార్ కూడా పోదు, అందుకే తెల్లవారుజామున లోపం బయటపడలేదు.

అపోహ: పాత పైపు పనికిరాదు, మొత్తం పీకి కొత్తది వేయాల్సిందే.

ఒత్తిడిని రెండు దశల్లో తగ్గిస్తే ఆ అవసరం రాకపోవచ్చు. బ్యాంక్ దగ్గర మొదటి రెగ్యులేటర్‌తో 0.7 బార్‌కు తగ్గించి, అదే అరంగుళం పైపులో వంటగది దాకా తెచ్చి, గోడ బయట గాలి ఆడే చోట రెండో రెగ్యులేటర్‌తో 30 మిల్లీబార్లకు దింపాలి. ఆ ఒత్తిడిలో గ్యాస్ చిక్కగా ఉంటుంది కాబట్టి అదే 8 కిలోలకు నష్టం సుమారు 13 మిల్లీబార్లే. 0.7 బార్ అంటే 700 మిల్లీబార్లు, అందులో 13 లెక్కలోకి రాదు. రెండో రెగ్యులేటర్ దాటాక బర్నర్ల దాకా ఉన్న పైపును మాత్రం పెద్దదిగానే వేయాలి. పాత పైపును పని ఒత్తిడికి మించిన ఒత్తిడిలో పరీక్షించి, లీకేజీ లేదని తేలాకే ఈ మార్గం ఎంచుకోవాలి. రెండో రెగ్యులేటర్ చెడి ఒత్తిడి పెరిగితే గ్యాస్‌ను తనంతట తానే ఆపే షట్‌ఆఫ్ వాల్వ్ కూడా తప్పనిసరి. మేము ఆ హోటల్‌లో ఇదే చేశాం, పెనం దగ్గర 29 వచ్చింది.

అపోహ: రెగ్యులేటర్ మీద గంటకు 10 కిలోలు అని ఉంటే ఎప్పుడూ 10 కిలోలు ఇస్తుంది.

ఆ అంకె, సిలిండర్ల నుంచి రెగ్యులేటర్‌లోకి వచ్చే ఒత్తిడి నిర్దేశించినంత ఉంటేనే నిజమవుతుంది. 19 కిలోల సిలిండర్ నుంచి ఆగకుండా తీసుకుంటే గంటకు సుమారు అర కిలో మాత్రమే ఆవిరిగా వస్తుంది. అంతకు మించి లాగితే సిలిండర్ చల్లబడి, అడుగున మంచు పట్టి, ఒత్తిడి పడిపోతుంది. చలికాలపు తెల్లవారుజామున ఇది మరింత తొందరగా జరుగుతుంది. పొద్దంతా గంటకు 8 కిలోల చొప్పున కావాలంటే ఒకేసారి 16 సిలిండర్లు లైన్‌లో ఉండాలి. రెగ్యులేటర్‌ను కూడా సిలిండర్లు ఖాళీ అయ్యే దశలో ఉండే తక్కువ ఒత్తిడికి లెక్కించి తీసుకోవాలి. మరీ పెద్దది తీసుకుంటే, ఒక్క బర్నరే వెలుగుతున్నప్పుడు దానిలో ఒత్తిడిని అదుపు చేసే పలుచని పొర, అంటే డయాఫ్రమ్, స్థిరంగా నిలవక మంట ఎగసిపడుతుంది.

అపోహ: పీఎన్‌జీ అంటే పైపుల్లో వచ్చే సహజవాయువు, అందితే పైపులన్నీ అవే సరిపోతాయి.

అంతే వేడికి సహజవాయువు పరిమాణం దాదాపు రెండున్నర రెట్ల పైనే కావాలి, సరఫరా ఒత్తిడి సాధారణంగా 21 మిల్లీబార్లు. అది తేలికైనా, అదే పైపులో నష్టం రెండింతలకు మించుతుంది. పై లెక్కలో 1.6 పోయిన అంగుళం పైపులో దాదాపు 4 పోతాయి. బర్నర్లలో గ్యాస్ వచ్చే సన్నని రంధ్రాలైన జెట్లూ రెగ్యులేటర్లూ మార్చాలి, పైపును మళ్లీ లెక్క కట్టాలి.