స్టెబిలైజర్ టక్కుమనడం వెనక కథ

స్టెబిలైజర్ టక్కుమన్నదంటే లోపల ఒక రిలే స్థానం మార్చుకుందని అర్థం. రిలే అంటే విద్యుదయస్కాంతంతో కదిలే స్విచ్. చిన్న తీగచుట్టలో కరెంటు పారగానే దాని మధ్యనున్న ఇనుప కడ్డీ అయస్కాంతంగా మారి, ఎదురుగా స్ప్రింగు పట్టుకుని ఉన్న ఇనుప రేకును లాక్కుంటుంది. రేకు కడ్డీకి తగలడం, దాని కొసనున్న కాంటాక్టులు ఒకదానికొకటి కొట్టుకోవడం కలిసి ఆ చప్పుడు అవుతుంది. అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ హెన్రీ 1835లో రూపొందించిన సూత్రం ఇప్పటికీ ఆ పెట్టెలో దాదాపు అలాగే ఉంది. కాబట్టి చప్పుడు దానికదే లోపం కాదు. అసలు అడగాల్సింది వేరు: ఆ పెట్టె అక్కడ ఎందుకుంది, ఇప్పటికీ ఉండాలా?

ఫ్రిజ్‌కీ టీవీకీ ఒకే రకం పెట్టె తగిలించడం అలవాటైపోయినా, ఆ రెండింటికీ స్టెబిలైజర్ అవసరమైన కారణాలు మొదటినుంచీ వేరు. టీవీ విషయంలో ఆ కారణం ఎప్పుడో చెల్లిపోయింది. ఫ్రిజ్ విషయంలో సగం చెల్లింది, సగం మిగిలింది.

టీవీతో మొదలుపెడదాం. వాల్వులతో, ఆ తర్వాత ట్రాన్సిస్టర్లతో పనిచేసిన తొలి తరాల టీవీల్లో లోపలి విద్యుత్ సరఫరా గోడ ప్లగ్గులో వచ్చే వోల్టేజీనే చాలావరకు అనుసరించేది. వోల్టేజీ పడిపోతే తెర మీద బొమ్మ నాలుగు వైపుల నుంచీ కుంచించుకుపోయేది, వెలుతురు తగ్గేది. పెరిగితే భాగాలు వేడెక్కి కాలిపోయేవి. అప్పట్లో ట్రాన్స్‌ఫార్మర్‌కు గుండ్రటి స్విచ్ తగిలించి, మీటరు ముల్లు చూస్తూ చేత్తో తిప్పుకునే బూస్టర్లుండేవి. సాయంత్రం వోల్టేజీ తక్కువగా ఉందని స్విచ్ పైకి తిప్పి అలాగే మరిచిపోతే, రాత్రి పొద్దుపోయాక వోల్టేజీ కోలుకున్నప్పుడు టీవీకి మామూలుకంటే ఎక్కువే అందేది. కాపాడాల్సిన పెట్టే కాల్చేసేది. ఆ స్విచ్‌ను మనిషి చేతి నుంచి తీసి రిలేకు అప్పగించడమే ఈనాటి ఆటోమేటిక్ స్టెబిలైజర్.

చప్పుడు చేయని మార్గం అంతకుముందే ఉంది. 1938లో అమెరికాలో జోసెఫ్ సోలా ఫెర్రోరెజొనెంట్ ట్రాన్స్‌ఫార్మర్ కనిపెట్టాడు. కాన్‌స్టంట్ వోల్టేజ్ ట్రాన్స్‌ఫార్మర్ అని ఎక్కువగా పిలిచేది దాన్నే. అందులో కదిలే భాగమే లేదు. ఇనుప కోరులో కొంత భాగం అయస్కాంతత్వంతో పూర్తిగా నిండిపోయేలా, పక్కనే ఒక కెపాసిటర్ దానికి తోడుండేలా కూర్చారు. అలా నిండిపోయాక, వచ్చే వోల్టేజీ కొంత అటూ ఇటూ అయినా పోయే వోల్టేజీ పెద్దగా మారదు. టీవీలకు ఇది బాగానే పనికొచ్చింది. అయితే బరువు, వేడి, ఆగని హోరు దాని గుణాలు. పైగా మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటును అది ఇవ్వలేదు. అంత లాగితే దాని అవుట్‌పుట్ కుప్పకూలుతుంది. ఫ్రిజ్‌కు అది సరిపడకపోవడానికి కారణం ఇదే. అందుకే చవకైన, చప్పుడు చేసే రిలే పెట్టె గెలిచింది.

ఆ పెట్టెలో ప్రధానమైనది ఆటో ట్రాన్స్‌ఫార్మర్. ఇనుప కోరు చుట్టూ ఒకే తీగచుట్ట, అక్కడక్కడ దాని నుంచి బయటికి తీసిన తీగలు. వీటిని ట్యాపింగులంటారు. ఒక ట్యాపింగుకు కలిపితే వచ్చిన వోల్టేజీ యథాతథంగా వెళుతుంది, మరొకదానికి కలిపితే పెరుగుతుంది, ఇంకొకదానికి కలిపితే తగ్గుతుంది. వోల్టేజీని గమనించే చిన్న సర్క్యూట్ ఏ రిలేను లాగాలో నిర్ణయిస్తుంది. అంటే ఈ పెట్టె వోల్టేజీని నునుపుగా సరిదిద్దదు. మెట్ల మీద ఎక్కినట్టు ఒక అంచె నుంచి మరో అంచెకు దూకుతుంది, దూకిన ప్రతిసారీ టక్కుమంటుంది. పేరు స్టెబిలైజర్ అయినా అవుట్‌పుట్ స్థిరంగా ఉండదు, ఒక పరిధిలో ఉంటుందంతే.

ఒక లెక్క వేసి చూస్తే ఆ చప్పుడు ఎప్పుడు, ఎందుకొస్తుందో స్పష్టమవుతుంది. 230 వోల్టుల సరఫరాలో, 195 కంటే తగ్గితే ఐదో వంతు పెంచే స్టెబిలైజర్ ఉందనుకుందాం. ఆ సాయంత్రం ప్లగ్గు దగ్గర 204 వోల్టులున్నాయి. వీధి లైను నుంచి ప్లగ్గు దాకా రానూ పోనూ తీగల నిరోధం ఒక ఓం. ఫ్రిజ్ కంప్రెసర్ నడిచేటప్పుడు ఒక ఆంపియరు, మొదలయ్యే క్షణంలో పది ఆంపియర్లు తీసుకుంటుంది. కంప్రెసర్ మొదలవగానే తీగల్లోనే పది వోల్టులు పోతాయి. ప్లగ్గు దగ్గర 194 మిగులుతుంది, హద్దు దాటింది, రిలే టక్కుమంటుంది. ఇప్పుడు ఫ్రిజ్‌కు 230కి దగ్గరగా అందుతుంది. అర సెకను, ఒక సెకనులో మోటారు వేగం అందుకుంటుంది, కరెంటు ఒక ఆంపియరు చుట్టూ పడిపోతుంది, ప్లగ్గు మళ్లీ 203కి చేరుతుంది. వెనక్కి మారే హద్దు కూడా 195 దగ్గరే ఉంటే వెంటనే రెండో టక్కు. ఫ్రిజ్ మొదలైన ప్రతిసారీ జంటగా వినిపించే చప్పుడు ఇదే.

మంచి స్టెబిలైజర్‌లో ఆ రెండు హద్దులూ ఒకటి కావు. 195 దగ్గర పెంచితే, 205 దాటాక గానీ వెనక్కి రాదు. ఈ ఎడం లేకపోతే లైను 195 దగ్గర ఊగిసలాడుతున్నప్పుడు రిలే టకటకలాడుతూనే ఉంటుంది. ప్రతి దెబ్బకూ కాంటాక్టుల మధ్య చిన్న నిప్పురవ్వ లేస్తుంది, లోహం గుంటలు పడుతుంది, చివరికి కాంటాక్టులు అతుక్కుపోతాయి. పెంచే స్థానంలో అతుక్కుపోతే పాతకాలపు బూస్టర్ ప్రమాదమే తిరిగొస్తుంది: లైను 240కి చేరినప్పుడు ఫ్రిజ్‌కు 288 వెళుతుంది.

పై లెక్కలో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. స్టెబిలైజర్ వోల్టేజీ పెంచినప్పుడు లైను నుంచి అదే నిష్పత్తిలో ఎక్కువ కరెంటు లాగుతుంది. మన ఉదాహరణలో మోటారు మొదలవుతున్న ఆ క్షణంలో పెరిగిన వోల్టేజీకి మోటారు కూడా ఎక్కువ లాగుతుంది కాబట్టి, రెండూ కలిసి తీగల మీద భారం పది నుంచి దాదాపు పద్నాలుగు ఆంపియర్లకు పెరుగుతుంది. సన్నని తీగ, వదులైన ప్లగ్గు, తుప్పుపట్టిన జాయింటు వల్ల వోల్టేజీ పడిపోతుంటే స్టెబిలైజర్ ఆ జబ్బు నయం చేయదు, ఆ జాయింటును మరింత వేడెక్కిస్తుంది.

ఇక ఫ్రిజ్. మోటారును, కంప్రెసర్‌ను కలిపి ఒకే ఉక్కు డొల్లలో మూసి వెల్డింగ్ చేసే పద్ధతి 1920ల చివర్లో ఇళ్ల ఫ్రిజ్‌లలోకి వచ్చింది. గ్యాస్ లీకులు తగ్గాయి గానీ, లోపలి చుట్ట కాలితే విప్పి బాగుచేసే వీలు పోయింది, కంప్రెసర్ మొత్తం మార్చాల్సిందే. ఇందులోని ఇండక్షన్ మోటారుకు తక్కువ వోల్టేజీ అంటే గిట్టదు. దాని తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని అనుసరిస్తుంది. 230కి బదులు 165 వోల్టులొస్తే వోల్టేజీ తగ్గింది నాలుగో వంతుకు కాస్త పైన మాత్రమే, బలం మాత్రం సగానికి పడిపోతుంది. ఎదురుగా గ్యాస్ పీడనం ఉంటే మోటారు కదలలేక హుమ్మని మూలుగుతూ మొదటి క్షణపు భారీ కరెంటునే లాగుతూ ఉంటుంది. కొన్ని సెకన్లలో కంప్రెసర్ పక్కనున్న ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ వేడికి వంగి టక్కుమని కరెంటు ఆపుతుంది. చల్లారాక మళ్లీ కలుపుతుంది, మళ్లీ మూలుగు, మళ్లీ టక్కు.

ఈ టక్కును స్టెబిలైజర్‌ది అనుకుని పొరబడటం మామూలే. చెవి పెడితే తేడా తెలుస్తుంది. ఫ్రిజ్ వెనక అడుగున, కొన్ని సెకన్ల మూలుగు తర్వాత చప్పుడు వచ్చి, కొన్ని నిమిషాలకోసారి అదే తిరిగొస్తుంటే అది ప్రొటెక్టర్. ఆ సమయంలో ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే, వోల్టేజీ సరిగానే ఉంటే తప్పు మోటారును మొదలుపెట్టే స్టార్టింగ్ రిలేలోనో కంప్రెసర్‌లోనో ఉంది. కొత్త స్టెబిలైజర్ కొన్నా ప్రయోజనం లేదు.

కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడూ ఇదే ఇబ్బంది. అప్పటిదాకా నడిచిన కంప్రెసర్‌కు ఒకవైపు అధిక పీడనం నిలిచి ఉంటుంది. సన్నని కేపిలరీ గొట్టం గుండా అది సమం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే ఫ్రిజ్ స్టెబిలైజర్లలో మూడు నిమిషాలో, ఆ చుట్టుపక్కలో ఆగి టక్కుమని కలిపే ఏర్పాటు పెట్టారు. నా దృష్టిలో పాత పద్ధతి కంప్రెసర్‌కు ఆ పెట్టె చేసే మేలుల్లో వోల్టేజీ పెంచడంకంటే ఈ ఆలస్యమే ఎక్కువ విలువైనది.

మామూలు కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్‌కు, లైను 207 నుంచి 253 వోల్టుల మధ్య ఉంటే స్టెబిలైజర్ అక్కర్లేదు. 230కి పది శాతం అటూ ఇటూ అన్న ఆ పరిధిని దృష్టిలో పెట్టుకునే ఇలాంటి పరికరాలు తయారవుతాయి. తరచూ 190 కిందికి జారుతుంటే, అదీ ఫ్రిజ్ మొదలైన క్షణంలో కాకుండా గంటల తరబడి, అప్పుడు కావాలి. ఇన్వర్టర్ కంప్రెసర్ లెక్క వేరు. అది లైను కరెంటును ముందు డీసీగా మార్చి, తనకు కావలసిన ఏసీని తనే తయారు చేసుకుంటుంది, మోటారును నెమ్మదిగా మొదలుపెడుతుంది. అది తట్టుకునే పరిధి తయారీదారు పుస్తకంలో ఉంటుంది. లైను ఆ పరిధి లోపలే ఉంటే స్టెబిలైజర్ వృథా.

టీవీకి ఈ మార్పు చాలా ముందే జరిగింది. ఎస్‌ఎంపీఎస్ అనే స్విచింగ్ పవర్ సప్లై 1970ల్లో చవకబారి, తర్వాతి దశాబ్దాల్లో టీవీల్లో స్థిరపడింది. అది కూడా లైను వోల్టేజీని డీసీగా మార్చి, సెకనుకు వేలసార్లు తెంపుతూ కలుపుతూ, ఎంతసేపు కలపాలో తనే సరిచేసుకుంటుంది. వోల్టేజీ తగ్గితే కరెంటు కొంచెం ఎక్కువ తీసుకుంటుంది, బొమ్మకు ఆ సంగతే తెలియదు. టీవీ వెనక చీటీ మీద 100 నుంచి 240 వోల్టులని ఉంటే, 150కి పడిపోయినా దానికి స్టెబిలైజర్ చేసే సాయం ఏమీ లేదు.

పిడుగుపాటు దెబ్బలకు కూడా స్టెబిలైజర్ మందు కాదు. ఆ దెబ్బ మైక్రోసెకన్లలో వచ్చిపోతుంది, రిలే కదలడానికే కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. దానికి కావలసింది, వోల్టేజీ హద్దు మీరగానే దాన్ని తనగుండా మళ్లించే వేరిస్టర్ ఉన్న సర్జ్ ప్రొటెక్టర్. టీవీకి నిజంగా మిగిలిన ప్రమాదం, మూడు ఫేజుల సరఫరాలో ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉండే న్యూట్రల్ తీగ తెగడం. అప్పుడు కొన్ని ఇళ్లకు వోల్టేజీ పడిపోయి, మరికొన్నింటికి 300 దాటి, 400 వైపు కూడా పోవచ్చు. 300 వోల్టుల ఏసీ లోపల డీసీగా మారితే 424 అవుతుంది, 400 వోల్టుల దాకా మాత్రమే తట్టుకునే కెపాసిటర్ పగలడానికి అది చాలు. అటువంటి చోట టీవీకి కావలసింది ఎక్కువ వోల్టేజీని గుర్తించి లైను తెంపే హై కటాఫ్. దాని కోసం ట్రాన్స్‌ఫార్మర్ మోయనక్కర్లేదు. హై, లో హద్దులు దాటితే తెంపే చిన్న ప్రొటెక్టర్ చాలు. ఇంట్లో కొన్ని దీపాలు ఒక్కసారిగా ప్రకాశించి, మరికొన్ని మసకబారితే మాత్రం టీవీ సంగతి తర్వాత, ముందు మెయిన్ స్విచ్ ఆపి లైన్‌మన్‌ను పిలవాలి.