పుచ్చుపళ్ళ లెక్క: 64 అలాగే ఉంది, మరి పని జరిగినట్టా?

పద్మనాభం మండలంలో ఒక హైస్కూలు, ఏడో తరగతిలో పన్నెండేళ్ళ పిల్లలు 60 మంది, వాళ్ళ పళ్ళు చూసే క్యాంపు పెడుతున్నాం అనుకుందాం. లెక్క కోసం అనుకుంటున్నదే, అంకెలు నావే.

పన్నెండేళ్ళే ఎందుకంటే ఆ వయసుకి జ్ఞానదంతాలు తప్ప శాశ్వత పళ్ళు దాదాపు వచ్చేసి ఉంటాయి, పిల్లలు ఇంకా బడిలో దొరుకుతారు. ఒక్కో నోట్లో 28 పళ్ళు చూసి పుచ్చినవి, పుచ్చినందువల్ల పీకించినవి, సిమెంట్ పెట్టించినవి కలిపితే వచ్చేదే డీఎంఎఫ్‌టీ. 1938లో అమెరికాలోని హేగర్స్‌టౌన్ బడిపిల్లల మీద క్లైన్, పామర్, నట్సన్ అనేవాళ్ళు మొదలుపెట్టిన లెక్క ఇది. సిమెంట్ పెట్టిన పన్ను మళ్ళీ పుచ్చితే దాన్ని పుచ్చినవాటిలోనే వేస్తారు. సైకిల్ మీంచి పడి విరిగి ఊడిన పన్ను ఇందులోకి రాదు. పాలపన్ను ఊడి, కొత్తది ఇంకా రాని ఖాళీ కూడా రాదు. ఇక్కడే చాలామంది తడబడతారు, అందుకే ఖాళీ కనబడితే "ఎవరైనా పీకారా, దానంతటదే ఊడిందా?" అని పిల్లాణ్ణి అడిగి తీరాలి.

మన 60 మందిలో 33 మందికి సున్నా. 12 మందికి ఒక్కొక్కటి, ఏడుగురికి రెండేసి, ఐదుగురికి నాలుగేసి, ముగ్గురికి ఆరేసి. మొత్తం 64, సగటు 1.07. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో ఇది "చాలా తక్కువ" కిందికే వస్తుంది, రిపోర్టులో ఈ అంకె వేసేసి హాయిగా ఇంటికి పోవచ్చు. కానీ ఎక్కువ పుచ్చులున్న మూడోవంతు, అంటే 20 మందిని మాత్రం విడదీసి చూడండి: వాళ్ళ నోళ్ళలోనే 57 ఉన్నాయి, సగటు 2.85. రోగం దాదాపు అంతా ఆ 20 మందే మోస్తున్నారు, మిగతా 40 మంది సగటుని కిందికి లాగారు.

ఇప్పుడు ఆ 64నే ఇంకోలా విప్పుదాం. పుచ్చినవి 58, పీకించినవి 4, సిమెంట్ పెట్టించినవి 2. అంటే ఈ పిల్లలకి వైద్యం దాదాపు అందనేలేదు. నా ఉద్దేశంలో ప్లానంతా ఈ 58 దగ్గర మొదలవ్వాలి. స్క్రీనింగ్ అసలు చిన్న పని, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు వేసుకున్నా 60 మందికి మూడు గంటలు. అదే 58లో 46 పళ్ళు బడిలోనే బాగుచేయొచ్చు అనుకుంటే, పన్నుకి 20 నిమిషాల చొప్పున పదిహేను గంటలు దాటుతుంది. ఒక డాక్టరు రోజుకి ఓ డజను చేసినా నాలుగు రోజులు. కరెంటు అక్కర్లేదు, చెంచాలాంటి చిన్న పరికరంతో మెత్తబడ్డ పుచ్చుని తోడేసి గ్లాస్ అయొనోమర్ సిమెంట్ వేలితో అదిమి పెడతారు. నరం దాకా పోయిన మిగతా 12 మాత్రం విశాఖ తీసుకురావాలి. చీటీ రాసి పిల్లాడి చేతికిస్తే అది బ్యాగులోనే నలిగిపోతుంది, కూలి మానుకుని ఎవరు వస్తారండీ? వ్యాను ఏ రోజు వస్తుంది, ఎవరు తోడు వెళ్తారు అన్నది స్క్రీనింగ్‌కి ముందే తేలాలి.

ఇక చూసే రోజు. అంగీకార పత్రాలు వారం ముందే ఇళ్ళకి పంపాలి, మార్చిలో ఒంటిపూట బడులు మొదలవకముందే పని ముగించాలి. మధ్యాహ్న భోజనం తర్వాత చూడొద్దు, చిక్కీ పెట్టిన రోజైతే మరీను. దవడ పంటి గుంటలో ఇరుక్కున్న బెల్లం ముక్క తలదీపం వెలుగులో అచ్చం పుచ్చులా కనబడుతుంది. అద్దం, పంటిని తడిమి చూసే ప్రోబ్ జతలు డాక్టరుకి 30 అయినా ఉండాలి, లేకపోతే స్టెరిలైజ్ చేసేదాకా వరుస ఆగిపోతుంది. ప్రోబ్ కొస సూదిలా కాదు, అర మిల్లీమీటరు గుండు ఉన్నదై ఉండాలి.

ఒక క్యాంపులో నాకు జరిగింది చెప్తాను. పక్కపక్క సెక్షన్లు, ఇద్దరం డాక్టర్లం, నా పిల్లల సగటు ఆయన పిల్లల సగటులో సగం. పిల్లల్లో తేడా అనుకున్నాం. తీరా ఒకే పిల్లని ఇద్దరం చూస్తే, గుంటల్లోని నల్ల మరకలన్నీ ఆయన పుచ్చులుగా రాస్తున్నారు, నేనేమో గొయ్యి పడితేనే రాస్తున్నా. అప్పట్నుంచి ముందురోజే ఓ 20 మందిని ఇద్దరం విడివిడిగా చూసి, ఎక్కడ తేడా వచ్చిందో ఆ పన్ను దగ్గరే కూర్చుని తేల్చుకుంటున్నాం. అసలు రోజు కూడా పదిమందిలో ఒకర్ని రెండోసారి చూడాలి.

పని అయ్యాక లెక్క వేస్తే పుచ్చినవి 12, పీకించినవి 4, సిమెంట్ పెట్టినవి 48. కూడితే మళ్ళీ 64! నిధులిచ్చిన ఆఫీసువాళ్ళు "సగటు తగ్గలేదేంటి?" అని అడుగుతారు. అది తగ్గదు, ఒకసారి లెక్కలోకొచ్చిన పన్ను బాగుచేసినా అందులోనే ఉంటుంది. వాళ్ళకి ముందూ తర్వాతా మూడు అంకెలూ విడివిడిగా రాసిన కాగితం చూపించండి. సగటు తగ్గిందో లేదో తెలియాలంటే ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్నవాళ్ళు ఏడుకి వచ్చాక మళ్ళీ అద్దం పట్టుకుని వెళ్ళాల్సిందే.